పసికందు పాలు తగ్గించి మత్తుగా పడి ఉంటే: ఇంట్లో ఎలా చూడాలి, ఎప్పుడు బయల్దేరాలి

"సిస్టర్, పాప రాత్రి నుంచి సరిగా తాగట్లేదు. జ్వరం మాత్రం లేదు. పొద్దున దాకా చూడమంటారా?"

నవజాత శిశువుల వార్డులో పనిచేసేవాళ్ళందరికీ ఈ ఫోన్ అలవాటే. ఎక్కువగా రాత్రిపూటే వస్తుంది. చాలా ఇళ్ళలో ఆ రెండో వాక్యాన్నే ధైర్యంగా పట్టుకుని తెల్లవారే దాకా ఆగుతారు. నెలలోపు బిడ్డకు జ్వరం లేదన్న మాటను ధైర్యంగా తీసుకోకూడదు. ఎందుకో ముందు రెండు ముక్కల్లో చెప్పి, ఆ తర్వాత ఏం చేయాలో వరసగా చెబుతాను.

## 1. జ్వరం కోసం కాదు, మార్పు కోసం చూడండి

మనకు ఇన్‌ఫెక్షన్ వస్తే ఒళ్ళు కాలుతుంది. పసికందు ఒంటికి ఆ వేడి పుట్టించే శక్తి ఇంకా సరిగా ఉండదు. అందుకే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు కొందరు బిడ్డలకు జ్వరం వస్తే, మరికొందరికి ఒళ్ళు చల్లబడుతుంది. ఇంకొందరికి థర్మామీటర్ మామూలుగానే చూపిస్తుంది.

తాగడం మాత్రం ముందే తగ్గుతుంది. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒక లయలో నడిస్తేనే బిడ్డ పాలు తాగగలుగుతుంది. ఆ వయసులో అంతకంటే కష్టమైన పని లేదు. ఒంట్లో శక్తి తగ్గగానే ముందు దెబ్బతినేది అదే. తర్వాత మెలకువ తగ్గుతుంది, ఆ తర్వాత ఊపిరి తేడా పడుతుంది. ఈ వరస అందరిలో ఒకేలా ఉండదు కానీ, తల్లి కంటికి మొదట కనిపించేది చాలాసార్లు పాల దగ్గరి తేడానే.

ఇక్కడ చెప్పేవన్నీ పుట్టిన రోజు నుంచి రెండు నెలలు నిండేదాకా వర్తిస్తాయి. మొదటి నెలలో ఇంకా గట్టిగా పాటించాలి.

## 2. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే సిద్ధం చేసుకోవాల్సినవి

అర్ధరాత్రి బిడ్డ మత్తుగా ఉన్నప్పుడు థర్మామీటర్ కోసం వీధిలో మెడికల్ షాపు తలుపు కొట్టే పరిస్థితి రాకూడదు.

- డిజిటల్ థర్మామీటర్ ఒకటి. పాదరసం ఉన్న గాజుది వద్దు.
- సెకన్లు కనిపించే గడియారం, లేదా ఫోన్‌లో స్టాప్‌వాచ్.
- ఒక నోట్‌బుక్, పెన్ను. మంచం పక్కనే ఉండాలి.
- బిడ్డ డిశ్చార్జి కాగితం, తల్లి ఫైలు, టీకాల కార్డు, అన్నీ ఒకే సంచిలో.
- రాత్రిపూట కూడా పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో, ఎంత దూరమో తెలుసుకుని ఉండాలి. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో రాత్రి ఎవరుంటారో ముందే అడగండి. జిల్లా ఆసుపత్రుల్లో పసికందుల కోసం ఎస్‌ఎన్‌సీయూ అనే ప్రత్యేక వార్డు ఉంటుంది. అది ఎక్కడుందో మీ ఆశా కార్యకర్తకు తెలుసు.

డిశ్చార్జి అయ్యే ముందు డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: "మా బిడ్డకు ఇన్‌ఫెక్షన్ ముప్పు మామూలు కంటే ఎక్కువా?" నెలలు నిండకుండా, అంటే 37 వారాల లోపు పుట్టినా, బరువు రెండున్నర కిలోల కంటే తక్కువ ఉన్నా, కాన్పుకు 18 గంటల కంటే ముందే ఉమ్మనీరు పోయినా, ఆ నీరు వాసన వచ్చినా, నొప్పుల సమయంలో తల్లికి జ్వరం ఉన్నా, పుట్టగానే బిడ్డను కొన్నాళ్ళు ఐసీయూలో ఉంచినా ముప్పు ఎక్కువే. అలాంటి బిడ్డ విషయంలో కింద "గంట ఆగి మళ్ళీ చూడండి" అన్న చోట కూడా ఆగొద్దు, వెళ్ళిపోండి.

## 3. మీ బిడ్డ మామూలు తీరు రాసుకోండి

మార్పు తెలియాలంటే ముందు మామూలు ఏమిటో తెలియాలి. రోజూ రెండు నిమిషాలు చాలు. పాలకు ఎన్నిసార్లు లేచింది, ఒక్కోసారి సుమారు ఎంతసేపు తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, అంతే.

నిండు నెలల బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, ఇలా మూత్రం పెరుగుతూ వెళ్ళి ఐదారు రోజులు వచ్చేసరికి 24 గంటల్లో ఆరుసార్లకు తక్కువ కాకూడదు. డైపర్ వేస్తే ఈ లెక్క తప్పుతుంది. మొదటి రెండు వారాలు గుడ్డలు వాడితే లెక్క సులువు.

పక్కింటి బిడ్డతో పోల్చొద్దు. మొదటి నుంచీ నెమ్మదిగా తాగే బిడ్డ ఈరోజూ నెమ్మదిగా తాగితే అది ఆ బిడ్డ తీరు. నిన్నటిదాకా గట్టిగా పట్టుకుని తాగిన బిడ్డ ఈరోజు రొమ్ము నోట్లో పెట్టుకుని ఊరుకుంటే అది ప్రమాద సూచన.

## 4. ఇవి కనిపిస్తే పరీక్షలు మానేసి బయల్దేరండి

- ఎంత కదిపినా లేవకపోవడం, చేయి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా పడిపోవడం
- రొమ్ము అసలు పట్టకపోవడం
- పెదాలు, నాలుక నీలంగా మారడం
- ఊపిరి 20 సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు ఆగడం, లేదా ఆగినప్పుడు రంగు మారడం
- ఫిట్స్
- పసిరు రంగులో, అంటే ఆకుపచ్చగా వాంతి, లేదా పొట్ట ఉబ్బి గట్టిపడటం
- పుట్టిన 24 గంటల్లోపే పసుపు రంగు రావడం, లేదా ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్ళ దాకా పసుపు పాకడం

ఫిట్స్ గురించి ఒక మాట. పసికందుకు పెద్దవాళ్ళలా ఒళ్ళంతా కొట్టుకోకపోవచ్చు. ఒక చేయి మాత్రమే లయగా అదరడం, ఏమీ లేకుండానే నోరు నములుతున్నట్టు ఆడించడం, చూపు ఒక పక్కకు నిలబడిపోవడం, సైకిల్ తొక్కినట్టు కాళ్ళు ఆడించడం కూడా ఫిట్సే కావచ్చు. ఉలిక్కిపడటం వల్ల వచ్చే వణుకైతే ఆ చేతిని మెల్లగా పట్టుకోగానే ఆగుతుంది. ఫిట్స్ అయితే పట్టుకున్నా మీ అరచేతిలో అదురుతూనే ఉంటుంది. తేడా చెప్పలేకపోతే ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్ళండి. డాక్టరుకు అది చాలా ఉపయోగం.

## 5. అనుమానంగా ఉంటే చేసే పరీక్ష: వరస ముఖ్యం

పైవేవీ లేవు, కానీ బిడ్డ తగ్గి తాగుతోంది, ఎక్కువ పడుకుంటోంది. అప్పుడు ఈ పరీక్ష. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది.

అందరూ చేసే మొదటి తప్పు, భయంతో వెంటనే బిడ్డను లేపేయడం. లేపితే ఏడుస్తుంది, ఏడ్చాక ఊపిరి లెక్క పనికిరాదు. కాబట్టి నిద్రలోనే మొదలుపెట్టండి.

5.1 ఊపిరి లెక్కించండి. చొక్కా మెల్లగా పైకి తీసి పొట్ట కనిపించేలా ఉంచండి. పొట్ట ఒకసారి లేస్తే ఒకటి. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే పసికందు విషయంలో తప్పుతుంది. వీళ్ళు కాసేపు గబగబా తీసుకుని, ఐదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. రంగు మారనంతవరకు అలా ఆగడం మామూలే.

60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రెండు నిమిషాలు ఆగి మళ్ళీ లెక్కించండి. రెండోసారీ 60 గానీ ఆపైన గానీ వస్తే అది ప్రమాద సూచనే.

లెక్కిస్తూనే ఇంకో మూడు చూడండి. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోతుగా గుంట పడుతోందా, అంటే డొక్కలు ఎగరేస్తోందా? ముక్కుపుటాలు విప్పారుతున్నాయా? ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు వినిపిస్తోందా? పసికందు ఛాతీ మెత్తగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి గుంట మామూలు. దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం మామూలు కాదు.

5.2 ఒంటి వేడి చూడండి. థర్మామీటర్ కొన చంక మధ్యలో ఒంటికి ఆని ఉండాలి, మధ్యలో గుడ్డ అడ్డం రాకూడదు. చేయి ఒంటికి దగ్గరగా పట్టుకుని బీప్ వచ్చేదాకా ఆగండి. నుదుటి మీద చేయి పెట్టి చెప్పే లెక్క వద్దు. పాదాలు చల్లగా ఉంటేనూ కంగారు పడొద్దు, పాదాలు తొందరగా చల్లబడతాయి. పాదాలతో పాటు పొట్ట కూడా చల్లగా తగిలితే అది వేరే సంగతి.

- 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్: మామూలు.
- 99.5 దాటితే: ఒకటికి మించి చుట్టిన గుడ్డలు తీసి, గాలి తగిలేలా ఉంచి, 20 నిమిషాలకు మళ్ళీ చూడండి. మే నెలలో రేకుల ఇంట్లో ఉన్ని టోపీ పెట్టిన బిడ్డకు ఇంత రావడం వింత కాదు. తగ్గి, బాగా తాగితే సరే. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.
- 100.4, ఆపైన: గుడ్డలు తీశాక తగ్గినా సరే, ఆసుపత్రికి.
- 97.7 కంటే తక్కువ: బిడ్డను డైపర్, టోపీ మాత్రం ఉంచి తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనించి, పైన దుప్పటి కప్పండి. గంటకు మళ్ళీ చూడండి. పెరగకపోతే వెళ్ళాలి.
- 95.9 కంటే తక్కువ: గంట ఆగకుండా, అలా ఆనించి పెట్టుకునే బయల్దేరాలి.

5.3 ఇప్పుడు లేపండి. గుడ్డలు విప్పండి, తడి గుడ్డ మార్చండి. అరికాలి మీద వేలితో రెండు మూడుసార్లు తట్టండి, వెన్ను మీద రుద్దండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ముఖం చిట్లిస్తుంది, ఒళ్ళు విరుచుకుంటుంది, చిరాగ్గా ఏడుస్తుంది, కళ్ళు తెరుస్తుంది, మెలకువగానే ఉంటుంది. జబ్బు చేసిన బిడ్డ మీరు తట్టినంతసేపు కదిలి, చేయి తీయగానే మళ్ళీ సోలిపోతుంది. ఏడుపు కూడా సన్నగా, మూలిగినట్టు ఉంటుంది. కదిపినప్పుడే కదలడం, వదిలితే కదలకపోవడం పెద్ద సూచన.

5.4 పాలు పట్టి చూడండి. సీసా కాదు, రొమ్ముకే పట్టండి. ఐదు నిమిషాలు గడియారం చూసుకోండి. బాగా తాగుతున్న బిడ్డ నోరు బాగా తెరిచి పట్టుకుంటుంది, నిదానంగా లోతుగా చప్పరిస్తుంది, మధ్యలో ఆగుతుంది, గుటక వినిపిస్తుంది. రెండు మూడుసార్లు చప్పరించి వదిలేస్తే, నోట్లో పాలు ఉండి మింగకపోతే, పెదవి చివర నుంచి కారిపోతుంటే అది తాగడం కాదు.

ముక్కు దిబ్బడ వల్ల కూడా బిడ్డ వదిలేయవచ్చు. అప్పుడు కోపంగా ఏడుస్తూ వదులుతుంది, మళ్ళీ వెతుక్కుంటుంది. ఇన్‌ఫెక్షన్ బిడ్డ ఏడవకుండా వదిలేస్తుంది. ఆ తేడా ఒకసారి చూస్తే మర్చిపోరు.

5.5 చివరగా వెలుతురులో ఒళ్ళంతా చూడండి. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రగా ఉందా, చీము వస్తోందా, వాసన ఉందా? మెడ మడతల్లో, చంకల్లో, గజ్జల్లో చీము పొక్కులు ఎన్ని? బిడ్డ కూర్చున్నట్టు నిటారుగా, ఏడవకుండా ఉన్నప్పుడు మాడు ఉబ్బెత్తుగా ఉందా? ఏ చేయైనా, కాలైనా కదపకుండా ఉంచుతోందా? ఎముకల్లో, కీళ్ళలో ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డ ఆ కాలు కదపదు, గుడ్డ మారుస్తుంటే ఏడుస్తుంది.

## 6. నిర్ణయం

ఊపిరి, వేడి, మెలకువ, తాగడం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ఇప్పుడే వెళ్ళాలి. రెండు మూడు కలవాలని చూడొద్దు. మాడు ఉబ్బినా, కాలో చేయో కదపకపోయినా, బొడ్డు ఎరుపు పొట్ట చర్మం మీదకు పాకినా, చీము పొక్కులు పది, అంతకంటే ఎక్కువ ఉన్నా, పెద్ద గడ్డ ఉన్నా ఇదే మాట.

ఒక్కసారి మాత్రమే తక్కువ తాగింది, మిగతావన్నీ బాగున్నాయి అంటే గంటన్నరకు మళ్ళీ లేపి పట్టండి. రెండోసారీ బలహీనంగా తాగితే ఇక ఆగకండి. మూడోసారి చూద్దాం అన్న దగ్గరే చాలామందికి రాత్రి గడిచిపోతుంది.

నాలుగైదు పొక్కులు, బొడ్డు దగ్గర కొంచెం చెమ్మ, బిడ్డ మాత్రం చలాకీగా తాగుతోంది అంటే అర్ధరాత్రి పరుగు అక్కర్లేదు. ఆ రోజే పగలు డాక్టరుకు చూపించండి.

## 7. ఒక కేసు గంట గంటకూ

వార్డులో చూసిన కేసుల తీరును ఒక్కచోట కలిపి చెబుతున్నాను. పేర్లు, ఊళ్ళు అవసరం లేదు.

నిండు నెలల పాప, పుట్టినప్పుడు 2.8 కిలోలు, మామూలు కాన్పు. తల్లి పుట్టింట్లో ఉంది. పదకొండో రోజు పురుడు. పొద్దున నలుగు పెట్టి చాలాసేపు నీళ్ళు పోశారు. చుట్టాలు వచ్చారు, చేతులు మారింది.

మధ్యాహ్నం రెండింటికి తాగింది. ఐదింటికి లేవలేదు. "నీళ్ళు పోశాం కదా, హాయిగా పడుకుంది" అన్నారు. నీళ్ళు పోసిన రోజు బిడ్డ కాస్త ఎక్కువ పడుకోవడం నిజమే, అందుకే ఆ మాట అందరికీ నచ్చింది. ఏడింటికి తల్లి లేపి పట్టింది. నాలుగు చప్పరింపులు, నిద్ర. తొమ్మిదిన్నరకు మళ్ళీ అదే. నోట్‌బుక్ లేదు కాబట్టి మూత్రం ఎన్నిసార్లు పోసిందో ఎవరికీ గుర్తులేదు.

పదింటికి అమ్మమ్మ ఒక మాట అంది: "నిన్న ఈ వేళకు వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చింది, ఈరోజు గొంతే లేదు." ఆ మాటతో తల్లి లెక్కపెట్టింది. ఊపిరి 68, మళ్ళీ చూస్తే 66. చంకలో 96.4. లేపితే కళ్ళు తెరిచి వెంటనే మూసేసింది. జ్వరం లేదు కదా అని మామయ్య అన్నా, తల్లి ఊరుకోలేదు. వాహనం వచ్చేలోపు పాపను ఒంటికి ఆనించి కట్టుకుంది. పదకొండున్నరకు ఆసుపత్రిలో ఉన్నారు.

అక్కడ చూస్తే రక్తంలో చక్కెర 38. తాగక అది పడిపోయింది. ముందు చక్కెర సరిచేసి, ఏ బాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ మొదటి పరీక్షలో మామూలుగా వచ్చింది, మర్నాటికి బాగా పెరిగింది. రెండు రోజుల్లో కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా కనిపించింది. మూడో రోజుకు పాప గట్టిగా ఏడ్చింది, తాగింది. ఇంజెక్షన్లు మాత్రం 14 రోజులు పూర్తిగా ఇచ్చాకే పంపారు.

ఈ కేసులో మొదటి సూచన ఐదింటికే ఉంది. రెండోసారి బలహీనంగా తాగింది తొమ్మిదిన్నరకు. మన లెక్క ప్రకారం బయల్దేరాల్సిన సమయం అదే. వాళ్ళు సుమారు గంట ఆలస్యంగా కదిలారు. అమ్మమ్మ ఆ మాట అనకపోతే ఆ ఆలస్యం తెల్లవారే దాకా సాగేది.

## 8. దారిలో

దారిలో బిడ్డను దెబ్బతీసేవి రెండు, చలి, చక్కెర పడిపోవడం.

- తల్లి ఒంటికి ఆనించి, టోపీ పెట్టి, దుప్పటి కప్పి తీసుకెళ్ళండి. కారులో ఏసీ ఆపండి. వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టొద్దు, పసిచర్మం కాలుతుంది.
- బిడ్డ చప్పరించగలిగితే దారిలోనూ రొమ్ము పట్టండి. చప్పరించలేకపోయినా మెలకువగా ఉండి బాగా మింగుతుంటే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయవచ్చు.
- మత్తుగా ఉంటే, ఊపిరి వేగంగా ఉంటే, ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏమీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- ముఖం కప్పేయొద్దు. పెదాల రంగు, ఊపిరి కనిపిస్తూ ఉండాలి.
- సంచి, నోట్‌బుక్ మర్చిపోవద్దు. తల్లి తప్పకుండా వెళ్ళాలి, బాలింత బయటికి రాకూడదన్న మాట ఆరోజు పక్కన పెట్టాలి.

108కు ఫోన్ చేసి పసికందు అని ముందే చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పసికందుకు వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా జేఎస్‌ఎస్‌కే అనే ప్రభుత్వ పథకం కింద ఉచితం.

పెద్దాసుపత్రి చాలా దూరమైతే దారిలో ఉన్న పీహెచ్‌సీలో ఆగి మొదటి యాంటీబయాటిక్ డోసు ఇప్పించుకుని వెళ్ళవచ్చు. రిఫర్ చేసేముందు ఆ డోసు ఇవ్వడం పద్ధతే. అక్కడ డాక్టరు లేరని తెలిస్తే ఎదురుచూస్తూ కూర్చోకండి.

## 9. ఇంట్లో జరిగే పొరపాట్లు

ముందు దిష్టి తీద్దాం. తీయండి, రెండు నిమిషాల పని, దానివల్ల నష్టం లేదు. కానీ దిష్టి తీశాక తగ్గుతుందేమోనని గంట చూస్తారు చూడండి, నష్టం అక్కడుంది.

వస, గ్రైప్ వాటర్, తేనె. తాగని బిడ్డ నోట్లో ఇవి పోస్తే రోగం పోదు, పాలకు ఉన్న కాస్త ఆకలీ పోతుంది. మత్తుగా ఉన్న బిడ్డకైతే పొరపోతుంది. ముక్కులో ఆముదం వేయడమూ అంతే. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది.

పారాసిటమాల్ చుక్కలు. నెలలోపు బిడ్డకు డాక్టరు చూడకుండా వేయొద్దు. అంకె తగ్గుతుంది, ఇన్‌ఫెక్షన్ లోపల అలాగే ఉంటుంది. అప్పటికే వేసేస్తే ఎంత వేశారో, ఎన్నింటికి వేశారో దాచకుండా చెప్పండి.

రొమ్ము పిండటం. తల్లి హార్మోన్ల వల్ల ఆడ, మగ ఇద్దరు బిడ్డలకూ కొన్నాళ్ళు రొమ్ములు ఉబ్బుతాయి, చుక్క పాలూ రావచ్చు. కొన్ని ఇళ్ళలో నీళ్ళు పోసేటప్పుడు దాన్ని పిండేస్తారు. అక్కడ చీముగడ్డ కట్టి ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. ముట్టుకోకుండా వదిలేస్తే దానంతటదే తగ్గిపోతుంది.

బొడ్డుకు పసుపు, బూడిద, నూనె. ఏదీ వద్దు. పొడిగా, డైపర్ అంచు తగలకుండా ఉంచితే చాలు. ఇప్పటికే పూసి ఉంటే కింద ఎరుపు ఉందో లేదో డాక్టరు చూడలేరు, కాబట్టి మరిగించి చల్లార్చిన నీళ్ళతో తుడిచి ఆరనివ్వండి.

వాతలు. బిడ్డ సోలిపోయిందని వాత పెట్టే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అప్పటికే ఇన్‌ఫెక్షన్‌తో ఉన్న బిడ్డకు ఒంటి మీద కొత్త పుండు చేయడం అది.

## 10. ఆసుపత్రిలో

డ్యూటీ డాక్టరుతో మొదటి వాక్యం ఇలా ఉంటే పని త్వరగా కదులుతుంది: "పదకొండు రోజుల పాప, మధ్యాహ్నం రెండు తర్వాత సరిగా తాగలేదు, లేపితే మళ్ళీ సోలిపోతోంది, ఊపిరి 68, వేడి 96.4." కాన్పు కథ తర్వాత చెప్పవచ్చు.

రక్తం తీస్తారు, చక్కెర చూస్తారు. మెదడు పొరల్లో ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే వెన్ను నుంచి నీరు తీస్తామంటారు. ఇక్కడే చాలా కుటుంబాలు వద్దంటాయి, నడుము పడిపోతుందన్న భయంతో. సూది వేసే చోట వెన్నుపాము ఉండదు, అది అంతకంటే పైనే ముగుస్తుంది. ఆ పరీక్ష లేకపోతే మందు ఎన్ని రోజులు ఇవ్వాలో తేలదు. రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్‌కు, అంటే మామూలు సెప్సిస్‌కు పది, పద్నాలుగు రోజులు సరిపోతే, మెదడు పొరల ఇన్‌ఫెక్షన్‌కు సాధారణంగా మూడు వారాలు కావాలి.

ఇంకో రెండు అపోహలు. మొదటి రక్త పరీక్ష మామూలుగా వచ్చిందంటే ఇన్‌ఫెక్షన్ లేదని కాదు. సీఆర్‌పీ పెరగడానికి గంటలు పడుతుంది, అందుకే మళ్ళీ చేస్తారు. రెండోది, రెండో రోజుకే బిడ్డ తాగుతోందని సంతకం పెట్టి తీసుకెళ్ళిపోవడం. కల్చర్ రిపోర్టు వచ్చి, డాక్టరు చెప్పేదాకా ఉండండి. మధ్యలో ఆపిన మందు తర్వాత తిరిగొచ్చే బిడ్డలు మొదటిసారి కంటే జబ్బుగా వస్తారు.

తల్లి ఈ రోజుల్లో పాలు పిండుతూనే ఉండాలి, మూడు గంటలకోసారి, రాత్రితో సహా. లేకపోతే బిడ్డ కోలుకునేసరికి పాలు తగ్గిపోతాయి.

## 11. ఇంటికి వచ్చాక

మొదటి వారం పాత పద్ధతే: పాలు, మూత్రం లెక్క, రోజుకు రెండుసార్లు ఒంటి వేడి. ఆశా కార్యకర్త 42వ రోజు దాకా వంతుల ప్రకారం ఇంటికి వస్తుంది. ఆమె చేత ఊపిరి లెక్క, బరువు చూపించుకోండి. పాలు మళ్ళీ తగ్గితే ఐదో అంకె నుంచి మొదలుపెట్టండి, "మొన్నే కదా మందు అయింది" అనుకోవద్దు.

డిశ్చార్జి కాగితంలో వినికిడి పరీక్ష తేదీ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడిగి రాయించుకోండి. మెదడు పొరల ఇన్‌ఫెక్షన్ వల్ల, కొన్నిసార్లు జెంటామైసిన్ లాంటి మందుల వల్ల కూడా చెవులు దెబ్బతినవచ్చు. చప్పుడుకు ఉలిక్కిపడుతోంది కదా అని ఆ పరీక్ష మానేయకూడదు. ఒక చెవి పూర్తిగా పోయిన బిడ్డ కూడా తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతుంది.